ఒక్క నొక్కుతో కాన్ఫరెన్స్ కాల్‌లోకి: కామాలు ఎన్ని పెట్టాలో కొలిచి తేల్చుకునే పద్ధతి

ఫోను ద్వారా చేరవలసిన కాన్ఫరెన్స్ కాల్ ఆహ్వానంలో సాధారణంగా మూడు సంఖ్యలు ఉంటాయి. మొదటిది డయల్ చేయవలసిన నంబరు, రెండవది మీటింగ్ కోడ్, మూడవది పిన్. నంబరు కలిశాక అటునుంచి ఒక రికార్డు గొంతు కోడ్ అడుగుతుంది, కోడ్ సరిపోయాక పిన్ అడుగుతుంది, ప్రతి దాని చివర హ్యాష్ నొక్కమంటుంది. డేటా నిలకడగా అందని రైల్లోనో, వీడియో యాప్ తెరవడానికి వీలుకాని చోటనో ఉన్నప్పుడు ఈ ఫోను దారే ఆసరా. అయితే సరిగ్గా అలాంటి చోట్లనే ఆహ్వానానికీ కీప్యాడ్‌కూ మధ్య మారుతూ పదమూడు అంకెలు తప్పులేకుండా కొట్టడం కష్టమవుతుంది. ఈ మూడు సంఖ్యలనూ ఒకే వరుసలో రాసి, వాటి నడుమ కామాలతో తగిన విరామాలు పెట్టి, ఒక కాంటాక్టుగా దాచుకుంటే ఆ తరువాత పేరు మీద ఒకసారి నొక్కడంతో పని పూర్తవుతుంది.

ఈ ఉపాయం చాలామందికి తెలుసు. చాలామంది దగ్గర అది పనిచేయకపోవడానికి కారణం వేరు: కామాలు ఎన్ని పెట్టాలన్నది ఎక్కడినుంచో చూసి రాసుకుంటారు. ఆ సంఖ్య మీ ఫోనును బట్టి, మీరు పిలిచే సేవ పలికే మాటల నిడివిని బట్టి మారుతుంది. కాబట్టి దాన్ని కొలవాలి. కొలవడానికి పది నిమిషాలు, రెండు మూడు కాల్స్ చాలు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ కొలత గురించే.

కామా, సెమికోలన్ చేసే పని

ఫోను నంబరులో కామా కనిపిస్తే ఫోను కొద్దిసేపు ఆగి, తరువాతి అంకెలను తనంతట తానే పంపుతుంది. సెమికోలన్ కనిపిస్తే అక్కడే నిలిచిపోయి, మిగిలిన అంకెలు పంపమంటారా అని మిమ్మల్ని అడుగుతుంది. మొదటిదాన్ని విరామం అనీ, రెండవదాన్ని నిరీక్షణ అనీ అనుకుందాం. పాత కీప్యాడ్ ఫోన్లలో ఈ పనులకే p, w అనే అక్షరాలు ఉండేవి. స్టార్ మీటను వెంటవెంటనే నొక్కుతూ పోతే ప్లస్ గుర్తు తరువాత అవి వచ్చేవి. ఇంట్లో పెద్దవారు ఇప్పటికీ అలాంటి ఫోనే వాడుతూ ఉంటే, ఈ పద్ధతి వారికి కూడా పనికొస్తుంది.

కామాకు ఈ అర్థం స్మార్ట్‌ఫోన్లతో రాలేదు. 1981లో వచ్చిన హేస్ స్మార్ట్‌మోడెమ్ ఆదేశాల్లోనే డయల్ చేసే నంబరు మధ్య కామా పెడితే మోడెమ్ ఆగేది. ఎంతసేపు ఆగాలో మోడెమ్ లోపలి ఒక అమరికలో ఉండేది, దాని మామూలు విలువ రెండు సెకన్లు. ఆఫీసు లైను నుంచి బయటి లైను కోసం తొమ్మిది నొక్కి, డయల్ టోన్ వచ్చేదాకా ఆగడానికి అది అవసరమైంది. ఐఫోన్‌లో ఒక కామా విలువ ఇప్పటికీ ఆ రెండు సెకన్లే. ఆండ్రాయిడ్ మెనూలో కూడా రెండు సెకన్లనే రాసి ఉంటుంది గానీ, లోపలి ప్రోగ్రాములో మన దేశంలో వాడే తరహా నెట్‌వర్కుకు మూడు సెకన్ల విలువ ఉండటం వల్ల చాలా ఫోన్లలో దాదాపు మూడు సెకన్లు ఆగుతుంది. ఒకే వరుస ఒకరి ఫోనులో పనిచేసి పక్కవారి ఫోనులో తప్పడానికి ఈ తేడా ఒక ముఖ్య కారణం.

విరామం లెక్క ఎప్పుడు మొదలవుతుందన్నది కూడా తెలిసి ఉండాలి. మీరు డయల్ మీట నొక్కిన క్షణంలో కాదు, అవతలివైపు కాల్ ఎత్తిన క్షణంలో అది మొదలవుతుంది. రింగు ఎంతసేపు మోగినా కామాలు ఖర్చు కావు. ఇది తెలియక, విదేశీ నంబరు కలవడానికి సమయం పడుతుంది కదా అని మొదట్లోనే ఏడెనిమిది కామాలు పెట్టేవారు ఉన్నారు. వారి కోడ్ చేరే సమయానికి అటువైపు యంత్రం ఇంక ఎవరూ అంకెలు కొట్టడం లేదని నిర్ణయించుకుని ఉంటుంది.

అంకెలు అటు చేరే తీరు గురించి ఒక్క మాట. ఒక్కొక్క మీటకు రెండు స్వరాల జంట ఉంటుంది. ఉదాహరణకు అయిదు నొక్కితే 770, 1336 హెర్ట్జ్ స్వరాలు కలిసి మోగుతాయి. బెల్ సంస్థ 1963లో అమెరికాలో ప్రవేశపెట్టిన ఈ ఏర్పాటునే డీటీఎంఎఫ్ అంటారు. అయితే మొబైల్ ఫోను ఆ మోతను మైకు ద్వారా పంపదు. ఫలానా మీట నొక్కారు అనే సమాచారాన్ని విడిగా పంపుతుంది, అవసరమైన చోట స్వరాన్ని నెట్‌వర్కు పుట్టిస్తుంది. అందువల్ల మీ ఫోనులో కీప్యాడ్ శబ్దాన్ని ఆపివేసినా, మైకును మ్యూట్ చేసినా అంకెలు మామూలుగానే చేరతాయి. వరుస పనిచేయనప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లి కీప్యాడ్ శబ్దాన్ని వెతకడం వృథా శ్రమ.

మొదటి మెట్టు: చేత్తో ఒకసారి డయల్ చేసి కొలవడం

మీటింగు లేని సమయంలో ఈ పని చేయండి. చాలా సేవలు నిర్వాహకుడు రాకముందు కూడా కోడ్, పిన్ అడిగి, సరిపోయాక వేచి ఉండమంటాయి కాబట్టి ఖాళీ మీటింగు మీదనే కొలవవచ్చు. ఫోనును స్పీకరు మీద పెట్టి, పక్కన మరొక ఫోనులోనో చేతి గడియారంలోనో స్టాప్‌వాచ్ సిద్ధంగా ఉంచుకోండి. ఇది విదేశీ నంబరైతే ఒక్కొక్క ప్రయత్నానికీ ఐఎస్‌డీ ఛార్జీ పడుతుంది. కాబట్టి ముందుగా ఆహ్వానంలో భారతదేశపు నంబరు కూడా ఇచ్చారేమో వెతకండి.

కాల్ ఎత్తగానే తెర మీద కాల్ సమయం సున్నా నుంచి లెక్కపెట్టడం మొదలవుతుంది. స్టాప్‌వాచ్‌ను కూడా అప్పుడే నొక్కండి. మీరు రాసుకోవలసినవి నాలుగు సమయాలు: కోడ్ అడిగే వాక్యం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, కోడ్ చివరి హ్యాష్ నొక్కిన తరువాత ఎన్ని సెకన్లకు పిన్ అడగడం మొదలుపెట్టింది, అది ఎప్పుడు ముగిసింది. ఈ మొదటి కాల్‌లో ప్రతి వాక్యాన్నీ పూర్తిగా విని, ఆ తరువాతే అంకెలు కొట్టండి. మధ్యలో మీరు ఊహించని ప్రశ్న ఏదైనా వస్తే దాన్నీ రాసుకోండి. మీ పేరు చెప్పి హ్యాష్ నొక్కమనడం, మీరు నిర్వాహకులైతే స్టార్ నొక్కమనడం, పాల్గొనేవారిగా మీకిచ్చిన ఐడీ ఉంటే కొట్టండి లేదా హ్యాష్ నొక్కండి అనడం తరచుగా ఎదురయ్యేవి. వరుస రాసేటప్పుడు ఇవి మరచిపోతే పిన్ వెళ్లి ఆ ప్రశ్నకు జవాబుగా పడుతుంది.

రెండవ కాల్‌లో తొందరపడండి. స్వాగత వాక్యం నడుస్తూ ఉండగానే, అంటే ఒకటి రెండు సెకన్లకే, కోడ్ కొట్టి చూడండి. కొన్ని సేవలు మాట మధ్యలో వచ్చిన అంకెలను కూడా స్వీకరించి, వెంటనే తమ మాట ఆపేస్తాయి. మరికొన్ని స్వాగతం పూర్తయ్యేదాకా చెవి మూసుకుని ఉంటాయి, అప్పటిదాకా పంపిన అంకెలు గాలిలో కలిసిపోతాయి. మీ సేవ ఏ రకమో తేలితే అంకెలను స్వీకరించే కిటికీ ఎప్పుడు తెరుచుకుంటుందో మీకు తెలిసినట్లే. ఆ కిటికీ ఎప్పుడు మూసుకుంటుందో కూడా తెలుసుకోవాలనుకుంటే మూడవ కాల్ చేసి, కోడ్ అడిగాక ఏమీ కొట్టకుండా ఊరికే ఉండండి. కొన్ని సెకన్ల తరువాత మళ్లీ అడుగుతుంది, లేదా కాల్ పెట్టేస్తుంది.

రెండవ మెట్టు: కొలతలను కామాలుగా మార్చడం

ఒక ఉదాహరణను మొదటినుంచి చివరిదాకా చూద్దాం. నంబరుగా ఉదాహరణల కోసమే కేటాయించిన అమెరికా అంకెలను, కోడ్‌గా, పిన్‌గా కల్పిత సంఖ్యలను తీసుకుంటున్నాను. నంబరు +1 202 555 0147, మీటింగ్ కోడ్ 731946205, పిన్ 4826 అనుకుందాం. కొలిచినప్పుడు తేలినవి ఇవి: కాల్ ఎత్తాక ఆరవ సెకనుదాకా స్వాగతం, ఆ సమయంలో అంకెలు చెల్లవు. ఆరు నుంచి పదవ సెకనుదాకా కోడ్ అడిగే వాక్యం, దాని మధ్యలో కొట్టినా స్వీకరిస్తుంది. ఏమీ కొట్టకపోతే ఇరవయ్యవ సెకనుకు మళ్లీ అడుగుతుంది. కోడ్ హ్యాష్ వెళ్లాక మూడు సెకన్ల మౌనం, ఆ తరువాత పిన్ అడిగే వాక్యం, పిన్ కోసం పదిహేనవ సెకనుదాకా ఎదురుచూపు.

అంటే కోడ్‌కు ఆరు నుంచి ఇరవై సెకన్ల దాకా, పిన్‌కు మూడు నుంచి పదిహేను సెకన్ల దాకా కిటికీ తెరిచి ఉంది. ఐఫోన్‌లో మూడు కామాలంటే సరిగ్గా ఆరు సెకన్లు. అది కిటికీ అంచు మీద నిలబడటం, ఒక రోజు పనిచేసి మరొక రోజు తప్పుతుంది. నాలుగు పెడితే ఎనిమిది సెకన్లు, అవే నాలుగు ఆండ్రాయిడ్‌లో మూడేసి లెక్కన పన్నెండు సెకన్లు. రెండూ కిటికీ లోపలే ఉన్నాయి. అదే విధంగా పిన్‌కు ముందు మూడు కామాలు పెడితే ఒకచోట ఆరు, మరొకచోట తొమ్మిది సెకన్లు, అదీ లోపలే. కాబట్టి వరుస ఇలా వస్తుంది:

```
+12025550147,,,,731946205#,,,4826#
```

కామాల సంఖ్యను ఎంచుకోవడంలో నేను పాటించే నియమం ఇది: కిటికీ తెరుచుకున్నాక కనీసం రెండు సెకన్లు గడిచేలా, ఆండ్రాయిడ్ లెక్కతో చూసినా మూసుకోవడానికి నాలుగు సెకన్లు మిగిలేలా చూసుకుంటాను. కోడ్ అంకెలు ఒకేసారి వెళ్లవు, పది మీటలు పంపడానికి రెండు నాలుగు సెకన్లు పడుతుంది. చివర మిగిల్చే వ్యవధి అందుకే. ఆ మధ్యలో గడువు ముగిస్తే సగం కోడ్ మాత్రమే చేరి, కోడ్ చెల్లదని చెబుతుంది.

రెండవ విరామం విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త అవసరం. మొదటిది స్వాగత వాక్యం నిడివి మీద ఆధారపడుతుంది, అది రోజూ ఒకటే. రెండవది అటువైపు కంప్యూటరు మీ కోడ్‌ను సరిచూసుకోవడానికి పట్టే సమయం మీద ఆధారపడుతుంది. సోమవారం ఉదయం తొమ్మిదింటికో, అమెరికా ఆఫీసులు తెరుచుకునే మన సాయంత్రం వేళకో, వందలమంది ఒకేసారి చేరుతున్నప్పుడు అది సాగుతుంది. తీరిక వేళలో మీరు కొలిచిన మూడు సెకన్ల మౌనం ఆ సమయంలో అయిదారు సెకన్లు కావచ్చు. వరుస తప్పే సందర్భాల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరగడం నేను గమనించాను. అందుకని కొలత ఎంత తక్కువ చూపినా, కోడ్‌కూ పిన్‌కూ మధ్య మూడు కామాలకు తగ్గించను.

హ్యాష్‌ను వదిలేయకూడదు. కొన్ని సేవలు హ్యాష్ లేకపోయినా కొన్ని సెకన్లు చూసి, ఇంక అంకెలు రావని నిర్ణయించి కోడ్‌ను స్వీకరిస్తాయి. అది చూసి హ్యాష్ అక్కరలేదనుకుంటే, ఆ ఎదురుచూపు మధ్యలోనే మీ పిన్ చేరి కోడ్‌కు తోకలా అతుక్కుంటుంది, మొత్తం పదమూడు అంకెల కోడ్‌గా మారి తిరస్కరణకు గురవుతుంది.

మధ్యలో అదనపు ప్రశ్న ఉన్న సేవకు దాని జవాబును కూడా వరుసలో కలపాలి. కోడ్ తరువాత పాల్గొనేవారి ఐడీ అడిగి, లేకపోతే హ్యాష్ నొక్కమనే సేవకు వరుస ఇలా ఉంటుంది:

```
+12025550147,,,,731946205#,,,#,,,4826#
```

ఆహ్వానంలోనే ఒక్క నొక్కు వరుసను సిద్ధం చేసి ఇచ్చే సేవలు కూడా ఉన్నాయి. జూమ్ ఆహ్వానంలో ఆ వరుసలో పాస్‌కోడ్ ముందు నాలుగు కామాలు, ఒక స్టార్ కనిపిస్తాయి. ఆ స్టార్ అచ్చుతప్పు కాదు, తీసివేయకండి. గూగుల్ మీట్ ఆహ్వానంలో నంబరు తరువాత ఒక్క పిన్ మాత్రమే ఉంటుంది, టీమ్స్‌లో కాన్ఫరెన్స్ ఐడీ ఒక్కటే ఉంటుంది, కాబట్టి వాటికి రెండవ విరామం సమస్యే లేదు. ఇలాంటి సిద్ధమైన వరుస ఉన్నప్పుడు ముందు దాన్నే ప్రయత్నించి, తప్పితేనే కామాలు పెంచండి.

మూడవ మెట్టు: ఫోనులో రాసుకోవడం

ఐఫోన్‌లో కొత్త కాంటాక్టు తెరిచి, ఫోను నంబరు గడిలో నంబరు కొట్టాక, కింద ఎడమ మూలన ఉండే `+*#` మీటను నొక్కితే `pause`, `wait` అనే రెండు మీటలు వస్తాయి. మొదటిది కామాను, రెండవది సెమికోలన్‌ను చేరుస్తుంది. ఫోన్ యాప్ కీప్యాడ్‌లోనే రాయాలంటే స్టార్‌ను నొక్కి పట్టుకుంటే కామా, హ్యాష్‌ను నొక్కి పట్టుకుంటే సెమికోలన్ పడతాయి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఫోన్ యాప్ కీప్యాడ్ మీద కొన్ని అంకెలు కొట్టిన తరువాత మూడు చుక్కల మెనూలో `Add 2-sec pause`, `Add wait` కనిపిస్తాయి. అంకెలేవీ లేకుండా వెతికితే అవి కనిపించవు. ఇతర కంపెనీల ఫోన్లలో మాటల్లో చిన్న తేడాలున్నా చోటు అదే. కాంటాక్టు గడిలో నేరుగా రాసేటప్పుడు చాలా కీబోర్డుల్లో కామా మీటనే వాడవచ్చు.

ఆహ్వానం నుంచి కాపీ చేసి అతికించడం సులువే గానీ, అతికించాక ఒక్కొక్క అక్షరాన్నీ చూసుకోండి. సందేశాల్లోంచి తెచ్చినప్పుడు కామా తరువాత ఖాళీ చేరడం, చివరి హ్యాష్ ఎంపికలో పడకుండా వదిలిపోవడం జరుగుతాయి. సందేశంలో కనిపించే నీలిరంగు నంబరు మీద నేరుగా నొక్కినప్పుడు కామా దగ్గరే ఆగి, మొదటి నంబరు మాత్రమే డయల్ చేసే యాప్‌లు కూడా ఉన్నాయి.

నంబరును ప్లస్ గుర్తుతో, దేశ సంకేతంతో రాయండి. అప్పుడు హైదరాబాదులో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా అదే వరుస పనిచేస్తుంది. మన దేశపు 1800 టోల్‌ఫ్రీ నంబర్లకు మాత్రం ఈ నియమం వర్తించదు, వాటిని ఉన్నది ఉన్నట్లే రాయాలి. విదేశాల్లో ఉన్న సహోద్యోగికి వాటిని పంపినా సాధారణంగా ఉపయోగం ఉండదు.

రెండు సిమ్‌లున్న ఫోనులో మరొక అడ్డంకి ఉంది. కాంటాక్టు మీద నొక్కగానే ఏ సిమ్ అని అడిగితే అది ఒక్క నొక్కు కాదు, రెండు. కాల్స్ కోసం ఒక సిమ్‌ను స్థిరంగా ఎంచుకోండి, ఐఎస్‌డీ సదుపాయం లేదా ప్యాక్ ఉన్న సిమ్ అది కావాలి. ఇక హోమ్ స్క్రీన్ మీదికి తేవడానికి ఆండ్రాయిడ్‌లో విడ్జెట్ల జాబితాలో కాంటాక్ట్స్ కింద ఉండే `Direct dial` వాడవచ్చు. ఐఫోన్‌లో కాంటాక్టును ఫేవరెట్స్‌లో చేర్చడం అన్నింటికంటే తేలిక దారి.

కాంటాక్టుకు పెట్టే పేరులో మీటింగు వారమూ సమయమూ ఉంటే మంచిది. అయిదారు కాన్ఫరెన్స్ కాంటాక్టులు పోగయ్యాక, ఏది దేనిదో గుర్తుండదు.

నాలుగవ మెట్టు: పరీక్షించి, తప్పును గుర్తుపట్టడం

దాచుకున్న కాంటాక్టుతో కనీసం మూడు సార్లు, ఒకసారైనా రద్దీ వేళలో, స్పీకరు మీద పెట్టి పిలవండి. యంత్రం పలికే మాటే తప్పు ఎక్కడుందో చెబుతుంది. ఏమీ పట్టనట్లు కోడ్ అడగడం పూర్తిచేసి, కొంతసేపటికి మళ్లీ కోడే అడిగితే మీ అంకెలు మరీ ముందుగా వెళ్లాయి, మొదటి విరామానికి ఒక కామా చేర్చాలి. కోడ్ చెల్లదని చెబితే మొదటి కొన్ని అంకెలు తెరుచుకోని కిటికీకి తగిలి పోయి, మిగిలినవి మాత్రమే చేరాయన్నమాట. ఇది అంచు మీద ఉన్నప్పటి లక్షణం, దీనికీ మందు అదే. కోడ్‌ను స్వీకరించి పిన్ దగ్గర మళ్లీ అడుగుతుంటే రెండవ విరామానికి చేర్చాలి. పిన్ చెల్లదని అంటే, మధ్యలో మీరు గమనించని ప్రశ్న ఏదైనా ఉందేమో, లేక పిన్ అంకెల్లో ముందువి పోయాయేమో వినాలి. రెండు విరామాలనూ ఒకేసారి మార్చకండి. ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

నెలల తరబడి బాగా పనిచేసిన వరుస హఠాత్తుగా తప్పడం కూడా జరుగుతుంది. నాకు అలా ఒకసారి వారపు సమీక్షకు ఆలస్యమైంది. అంతకు ముందురోజు దాకా చక్కగా చేరిన కాల్ ఆ ఉదయం వరుసగా మూడుసార్లు కోడ్ చెల్లదంది. కోడ్ మారిందేమోనని నిర్వాహకురాలికి సందేశం పెట్టి, జవాబు కోసం చూస్తూ కూర్చున్నాను. మారింది కోడ్ కాదు. ఈ సంభాషణ రికార్డు కావచ్చు అనే కొత్త వాక్యాన్ని ఆ సేవ స్వాగతానికి ముందు చేర్చింది, నా రెండు కామాలు దానికి చాలలేదు. తప్పిన మొదటిసారే వరుసను పక్కనపెట్టి, చేత్తో డయల్ చేసి ఉంటే ఒక నిమిషంలో లోపలికి వెళ్లేవాణ్ణి. అప్పటినుంచి కాంటాక్టులోని నోట్స్ గడిలో కోడ్‌నూ పిన్‌నూ విడిగా రాసి ఉంచుతున్నాను.

సెమికోలన్ ఎప్పుడు మేలు

అటువైపు మౌనం ఏ రోజుకారోజు మారే సేవకు ఎన్ని కామాలు పెట్టినా కుదరదు. కంపెనీ స్విచ్‌బోర్డు ముందుగా ఎత్తి, ఎక్స్‌టెన్షన్ అడిగి, ఆ తరువాత అందరి కాల్స్‌నూ కలిపే కాన్ఫరెన్స్ బ్రిడ్జ్‌కు పంపే చోట్ల ఇలా జరుగుతుంది. కాల్ ఎత్తిన లెక్క స్విచ్‌బోర్డు దగ్గరే మొదలైపోతుంది కనుక, బ్రిడ్జ్ మోగుతున్న సమయమంతా మీ కామాల్లోంచే పోతుంది. అలాంటి చోట ఆ మారే మౌనం తరువాత వెళ్లవలసిన అంకెలకు ముందు సెమికోలన్ పెట్టండి. మౌనం పిన్‌కు ముందు మారే సేవకు వరుస ఇలా ఉంటుంది:

```
+12025550147,,,,731946205#;4826#
```

కోడ్ తనంతట తాను వెళుతుంది. ఆండ్రాయిడ్‌లో మిగిలిన అంకెలు పంపాలా అని ఒక చిన్న పెట్టె వస్తుంది, ఐఫోన్‌లో ఆ అంకెలతో ఒక మీట తెర మీద నిలుస్తుంది. పిన్ అడిగిన మాట విన్నాక నొక్కితే సరి. ఇది ఒక్క నొక్కు కాదు, రెండు నొక్కులు, కానీ అంకెలు గుర్తుపెట్టుకోనక్కరలేదు, తప్పే అవకాశమూ దాదాపు లేదు.

కారు బ్లూటూత్ ద్వారా పిలిచేవారు మాత్రం సెమికోలన్‌కు దూరంగా ఉండాలి. హ్యాండ్స్‌ఫ్రీ పరికరం ఫోనుకు పంపే డయల్ ఆదేశంలో సెమికోలన్ ఆదేశం ముగిసిందని చెప్పే గుర్తు, కాబట్టి దాని తరువాతి అంకెలు పోయే ప్రమాదం ఉంది. పైగా నిర్ధారణ మీట ఫోను తెర మీద వస్తుంది, బండి నడుపుతున్నవారు దాన్ని నొక్కకూడదు. కామాలను కూడా కొన్ని కార్లు కాంటాక్టు దిగుమతిలోనే తొలగించేస్తాయి. బండి ఆగి ఉన్నప్పుడు ఫోను మీదినుంచే కాల్ మొదలుపెట్టి, కలిశాక కదలడం ఉత్తమం.

బృందానికి పంచేటప్పుడు

ఇమెయిల్‌లోనో క్యాలెండరులోనో ఒక్క నొక్కు లింకుగా ఇవ్వాలంటే హ్యాష్‌ను దాని సంకేతంతో రాయాలి. వెబ్ చిరునామాల్లో హ్యాష్‌కు వేరే అర్థం ఉండటం వల్ల, అలాగే వదిలేస్తే దాని తరువాతిదంతా తెగిపోవచ్చు.

```
tel:+12025550147,,,,731946205%23,,,4826%23
```

లింకుల్లో సెమికోలన్ వాడకండి, ఫోను లింకుల ప్రమాణంలో దానికి వేరే పని ఉంది. ఫోన్లు లింకులను కాంటాక్టులకంటే అనుమానంగా చూస్తాయి కూడా, స్టార్ లేదా హ్యాష్ ఉన్న లింకును డయల్ చేయడానికి నిరాకరించేవి ఉన్నాయి. కాబట్టి లింకు కింద నంబరు, కోడ్, పిన్ మూడింటినీ విడివిడిగా రాయడం మానకండి.

బృందం కాంటాక్టులను స్ప్రెడ్‌షీటులో తయారుచేసి సీఎస్‌వీ ఫైలుగా దిగుమతి చేసేవారికి కామానే శత్రువు. ఆ ఫైలులో గడులను విడదీసేది కామాయే కదా. నంబరు మొత్తాన్ని జంట ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉంచకపోతే కోడ్ ఒక గడిలో, పిన్ మరొక గడిలో పడి, డయల్ చేసినప్పుడు ఉత్త నంబరు మాత్రమే వెళుతుంది. దిగుమతి అయ్యాక ఒక కాంటాక్టును తెరిచి చూస్తే తెలిసిపోతుంది.

చివరగా పిన్ గోప్యత. కాంటాక్టులో రాసిన పిన్ ఆ ఫోనులోనే ఉండిపోదు. అకౌంటుతో సింక్ అవుతుంది, కాంటాక్టులు చదవడానికి మీరు అనుమతించిన ప్రతి యాప్‌కూ అందుతుంది, ఆండ్రాయిడ్ కాల్ జాబితాలో కూడా నంబరు వెనుక పంపిన అంకెలను నమోదు చేసే ఏర్పాటు ఉంది. పాల్గొనేవారి పిన్‌ను ఇలా దాచుకోవడంలో పెద్దగా నష్టం లేదు. నిర్వాహకుడి పిన్‌ను మాత్రం కామా వరుసలో రాయకండి. అది తెలిసినవారు మీ పేరు మీద మీటింగు మొదలుపెట్టగలరు, ఇతరులను బయటికి పంపగలరు. నిర్వాహకులైనవారు వరుసను కోడ్ హ్యాష్ దగ్గరే ముగించి, ఆ నాలుగు అంకెలను చేత్తో కొట్టడం మంచిది.